పల్లీల అలర్జీ ఉన్న పిల్లాడి టీచర్‌కి అమ్మ రాసే ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాబుకి ఏడేళ్ళు. హైదరాబాద్‌లో రెండో తరగతి చదువుతున్నాడు. వాడికి వేరుశనగ అలర్జీ ఉంది. ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు వాడి క్లాస్ టీచర్‌కి నేనొక ఉత్తరం రాస్తాను. అడిగిన అమ్మలందరికీ దాని నకలు ఇస్తూ వచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఉత్తరంలో ఉన్న మందులు, మోతాదులు మా బాబు బరువు చూసి మా డాక్టర్ రాసినవి. మీ ఉత్తరంలోకి మీ డాక్టర్ చెప్పినవే ఎక్కాలి.

నోటితో చెబితే చాలదా? అడ్మిషన్ ఫారంలో రాశాం కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకు?

నేనూ ఒకప్పుడు ఫారంలో రాసి ఊరుకున్నదాన్నే. వాడికి నాలుగేళ్ళప్పుడు, ప్లేస్కూల్లో చేర్చేటప్పుడు "పల్లీలు పడవు" అని రాశాను. మన భాషలో ఆ "పడవు" అన్న మాట చాలా మెత్తటిది. ఒకరికి వంకాయ పడదు, ఇంకొకరికి పెరుగు పడదు. తింటే కాస్త దురదో, కాస్త జలుబో వస్తుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడి వాళ్ళూ అలాగే అనుకున్నారు.

ఒకరోజు ఎవరిదో పుట్టినరోజు. ఆయా పిల్లలందరికీ తలా ఒక నువ్వుల ఉండ పెట్టింది. కనబడే పల్లీ ఒక్కటీ లేదు, అందులో పల్లీల పొడి కలిసి ఉంది. పది నిమిషాల్లో మావాడు వాంతి చేసుకున్నాడు. కడుపులో తేడా చేసిందనుకుని మొహం కడిగి, చాప మీద పడుకోబెట్టారు. ఇంకాసేపటికి మెడ మీద దద్దుర్లు కనబడ్డాయి. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది: "బాబు కొంచెం నలతగా ఉన్నాడండీ, వీలైతే రండి." నేను వెళ్ళేసరికి తిని నలభై నిమిషాలైంది. పెదాలు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి "అమ్మా" అన్నాడు. ఆ గొంతు వాడిది కాదు, బొంగురుగా ఎక్కడో లోపలినుంచి వచ్చింది. ఆటోలో దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఐదారు నిమిషాల్లో గొంతు మామూలైంది.

ప్లేస్కూల్ వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకి వాంతి కనబడింది కానీ, వాంతి ఈ జబ్బులో మొదటి గుర్తు కావచ్చని నేను చెప్పలేదు. ఏం చూడాలో, ఏం చేయాలో, ఎవరి అనుమతి కోసమూ ఆగక్కర్లేదని కాగితం మీద ఎక్కడా లేదు. ఆ రాత్రే ఉత్తరం మొదటి ప్రతి రాశాను.

మీ ఉత్తరం మొత్తం చూపిస్తారా?

ఈ ఏడాది ఇచ్చిన ఉత్తరం ఇది. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం తీసేశాను.

> క్లాస్ టీచర్ గారికి నమస్కారం.
>
> మీ తరగతిలో చేరిన మా బాబుకి వేరుశనగ అలర్జీ ఉంది. పొరపాటున తింటే కొన్ని నిమిషాల్లోనే ఊపిరి అందని స్థితి రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. నాలుగేళ్ళప్పుడు ఒకసారి అలా జరిగింది. సమయానికి ఇంజెక్షన్ అందింది కాబట్టి బయటపడ్డాడు.
>
> పల్లీలు, వేరుశనగ గుళ్ళు, శనక్కాయలు, బుడ్డలు, మూంగ్‌ఫలి, గ్రౌండ్‌నట్, పీనట్ అన్నీ ఒకటే. వీటిలో ఏ పేరు వినబడినా ఆ పదార్థం వాడికి పెట్టవద్దు. పల్లీ పట్టి, చట్నీలు, పులిహోర, ఉప్మా, నువ్వుల ఉండలు, మిక్స్చర్, కొన్ని చాక్లెట్లు, బిస్కెట్లలో ఇవి ఉంటాయి. పల్లీలు ఏరేసి పెట్టినా ప్రమాదమే. నేను పంపిన డబ్బాలోది తప్ప, మీరు స్వయంగా ఇచ్చినా సరే, ఇంకేదీ తినవద్దని వాడికి చెప్పాను. వాడు వద్దంటే దయచేసి మొండితనం అనుకోకండి.
>
> ఈ గుర్తులు చూడండి. నాలుక దురద, పెదాలు లేక కళ్ళ చుట్టూ వాపు, దద్దుర్లు, వాంతి, కడుపునొప్పి, ఆగని దగ్గు, గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, పిల్లికూతలు, మొహం పాలిపోవడం, ఉన్నట్టుండి మగతగా అయిపోవడం. వాడి మాటల్లో అయితే "నాలుక మీద చీమలు పాకుతున్నాయి", "గొంతులో ఏదో ఇరుక్కుంది" అంటాడు.
>
> ఒంటి మీద నాలుగైదు దద్దుర్లు మాత్రమే ఉండి, ఇంకే గుర్తూ లేకపోతే: నేనిచ్చిన ఎర్ర సంచిలోని సిట్రిజిన్ సిరప్ 5 మి.లీ. పట్టించి నాకు ఫోన్ చేయండి. నేను వచ్చేదాకా పెద్దవాళ్ళొకరు వాడి పక్కనే ఉండాలి. బాత్రూంకి కూడా ఒంటరిగా పంపవద్దు.
>
> ఊపిరి, గొంతు, మగత, వీటిలో ఏ ఒక్క గుర్తున్నా, లేదా దద్దుర్లతోపాటు వాంతిలాంటి రెండో గుర్తు ఏదున్నా, ఇలా చేయండి:
>
> 1. వాడిని ఉన్నచోటే పడుకోబెట్టి కాళ్ళ కింద స్కూల్ బ్యాగు పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నిలబెట్టవద్దు, నడిపించవద్దు.
> 2. ఎర్ర సంచిలో అడ్రినలిన్ పెన్నులు, అంటే మందు నింపి ఉన్న ఇంజెక్షన్లు, రెండు ఉన్నాయి. ఒకటి తీసుకోండి. నీలం మూత పైకి లాగండి. నారింజ రంగు కొనని తొడ బయటి వైపు, మధ్యభాగంలో, నిక్కరు మీదనుంచే గట్టిగా నొక్కండి. టక్కుమంటుంది. మూడు అంకెలు లెక్కపెట్టి తీయండి. టైము రాసుకోండి.
> 3. 108కి ఫోన్ చేయండి. "ఏడేళ్ళ బాబు, తీవ్రమైన అలర్జీ, అనాఫిలాక్సిస్, అడ్రినలిన్ ఇచ్చాం" అని చెప్పండి.
> 4. ఆ తర్వాతే నాకు ఫోన్ చేయండి.
> 5. ఐదు నిమిషాలైనా తగ్గకపోతే రెండో పెన్ రెండో తొడకి ఇవ్వండి.
> 6. తేలికపడి లేస్తానన్నా, ఆటలకి వెళ్తానన్నా లేవనివ్వకండి. వాడిన పెన్నులు అంబులెన్స్‌లో వాడితోపాటే పంపండి.
>
> పెన్ ఇవ్వడానికి నా అనుమతి కోసం ఆగవద్దు. ఈ ఉత్తరమే నా అనుమతి. అనుమానం ఉన్నా ఇవ్వండి. ఇచ్చాక అవసరం లేదని తేలినా నేను మిమ్మల్ని ఒక్క మాట అనను. డాక్టర్ గారు సంతకం చేసిన కాగితం జతచేశాను.
>
> మీకు వీలున్న రోజు పావుగంట వచ్చి, సూది లేని ట్రైనర్ పెన్‌తో ఎలా ఇవ్వాలో చూపిస్తాను. ఆయా గారు, పీఈటీ సార్, బస్సులో ఉండే అటెండర్ కూడా అప్పుడు ఉంటే మేలు.
>
> ఇట్లు,
> బాబు అమ్మ

ఇంత పొడుగు ఉత్తరం ఆ కంగారులో ఎవరు చదువుతారు?

ఎవరూ చదవరు. ఉత్తరం జూన్‌లో తీరిగ్గా చదవడానికి. కంగారులో చదవడానికి అరపేజీ కాగితం వేరే ఉంటుంది. పైన వాడి ఫోటో, కింద ఆ ఆరు పనులు పెద్ద అక్షరాలతో రాసి, లామినేట్ చేయించి మూడు ప్రతులు ఇస్తాను. ఒకటి ఎర్ర సంచిలో, ఒకటి టీచర్ బల్ల సొరుగులో, ఒకటి ఆఫీసులో ఉంటాయి. క్లాస్ టీచర్ సెలవు పెట్టిన రోజు వచ్చే వేరే టీచర్‌కి మావాడి సంగతి తెలియదు. ఫోటో పెట్టింది అందుకే.

పల్లీలకి అన్ని పేర్లు ఎందుకు రాశానని కూడా అడుగుతారు. మా పుట్టిల్లు అనంతపురం. వేరుశనగ పండే నేల. అక్కడ మేము శనక్కాయలంటాం, బుడ్డలంటాం. హైదరాబాద్‌లో పల్లీలు. గుంటూరునుంచి వచ్చిన టీచర్‌కి వేరుశనగ గుళ్ళు. ఒక ఏడాది మా బాబు క్లాసులో ఆయాది బీహార్. ఆమెకి మూంగ్‌ఫలి అంటే తప్ప తెలియదు. ఒకే పేరు రాస్తే, తినిపించే మనిషికి ఆ పేరు తెలిసి ఉండకపోవచ్చు.

మొదట మీకు ఫోన్ చేయమనకుండా ఇంజెక్షన్ ఇవ్వమన్నారేంటి? తల్లిగా భయం వేయదా?

ఉత్తరం మొత్తంలో నేను ఎక్కువ ఆలోచించి రాసిన వాక్యం అదే. పిల్లాడికి ఏదైనా అయితే మొదట తల్లికి ఫోన్ చేయడం టీచర్లకి అలవాటు. మంచి అలవాటే. ఈ ఒక్క జబ్బులో మాత్రం అది ప్రమాదం.

లెక్క వేసి చూడండి. గుర్తు కనబడి, టీచర్ ఆఫీసుకి కబురు పంపి, వాళ్ళు నా నంబర్ వెతికి ఫోన్ చేసేసరికి ఐదు నిమిషాలు. నేను మీటింగ్‌లో ఉంటే ఇంకో ఐదు. మా ఆఫీసునుంచి బడికి ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు. మొత్తం అరగంట. అనాఫిలాక్సిస్ వల్ల చనిపోయినవాళ్ళ వివరాలు పరిశీలించి 2000లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తిండి వల్ల రియాక్షన్ వచ్చినవాళ్ళకి ఊపిరో గుండో ఆగిపోవడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 30 నిమిషాలు. నేను బడి గేటు దగ్గర దిగే సమయమూ అదే. అందుకే ఆ వరుస: మొదట పెన్, తర్వాత 108, ఆ తర్వాత నేను.

ఇంకో సంగతి. ఫోన్ చేస్తే నేను మాత్రం ఏం చెప్పగలను? పిల్లాడు నా కళ్ళెదుట లేడు. వాడి రంగు, ఊపిరి చూస్తున్నది టీచర్. నిర్ణయం ఆమె చేతిలోనే ఉండాలి. ఆ నిర్ణయం తీసుకుని తప్పైతే మాట పడాల్సి వస్తుందన్న భయం మాత్రం ఆమెకి ఉండకూడదు. "ఒక్క మాట అనను" అని రాసింది అందుకే. మా టీచర్ గారు ఉత్తరం చదివాక నన్ను అడిగింది కూడా ఆ వాక్యం గురించే: "నిజంగానే అనరా అండీ?" అననని చెప్పి, ఆ వాక్యం కింద ఆవిడ ముందే ఇంకోసారి సంతకం చేశాను.

సిట్రిజిన్ గానీ అవిల్ గానీ వేస్తే తగ్గిపోదా? మా పాపకి ఎప్పుడూ దానితోనే తగ్గింది.

దద్దుర్లు మాత్రమే వచ్చిన రోజు తగ్గి ఉంటుంది. ఆ మందులు హిస్టమిన్ అనే ఒక్క రసాయనాన్ని అడ్డుకుంటాయి. దురద, దద్దుర్లు తగ్గుతాయి. పని మొదలుపెట్టడానికే అరగంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. మూసుకుపోతున్న గొంతుని అవి తెరవవు. పడిపోతున్న బీపీని పైకి తేవు. అడ్రినలిన్ అయితే రక్తనాళాల్ని బిగించి బీపీ నిలబెడుతుంది, గొంతులో వాపు దించుతుంది, ఊపిరితిత్తుల్లో దారులు తెరుస్తుంది, రియాక్షన్‌ని ముందుకి పోకుండా ఆపుతుంది. తొడ కండరంలో ఇస్తే నిమిషాల్లో పనిచేస్తుంది.

అలర్జీ సిరప్ పట్టించి "చూద్దాం" అని కూర్చోవడం దగ్గరే ఎక్కువమంది సమయం పోగొట్టుకుంటారు. దద్దుర్లు తగ్గడం చూసి గండం గడిచిందనుకుంటారు, లోపల గొంతు వాస్తూ ఉంటుంది. అసలు కొందరు పిల్లలకి దద్దుర్లే రావు. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ఇన్‌హేలర్ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. పల్లీలు తిన్నాక ఆయాసం వస్తే ముందు అడ్రినలిన్, తర్వాత ఇన్‌హేలర్. ఉబ్బసం ఉంటే రియాక్షన్ ముదిరే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ సంగతి ఉత్తరంలో మొదటి పేరాలోనే రాయండి.

అవసరం లేకుండా పెన్ ఇచ్చేస్తే?

గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, మొహం పాలిపోతుంది, కాసేపు తలనొప్పిగా ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఆ మోతాదులో ఇవి కాసేపట్లో సర్దుకుంటాయి. అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీ పిల్లాడికి గుండె జబ్బు ఉంటే మాత్రం ఈ ప్రశ్న ముందే మీ డాక్టర్‌ని అడగండి.

జాగ్రత్తపడాల్సిన పొరపాటు వేరే ఉంది. పెన్ తిరగేసి పట్టుకుని సొంత బొటనవేలిలో పొడుచుకుంటారు. మందూ పోతుంది, వేలికి రక్తం ఆడక ఆసుపత్రికి వెళ్ళాల్సీ వస్తుంది. అందుకే రెండు చివర్ల మీదా బొటనవేలు పెట్టకుండా, పిడికిలిలో పట్టుకోవాలని చూపిస్తాను.

మా ఊళ్ళో ఆ పెన్ దొరకడం లేదు. ఏం చేయాలి?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. పెన్ ప్రతి మందుల షాపులో ఉండే వస్తువు కాదు, ఖరీదు కూడా ఎక్కువే. అదే మందు చిన్న గాజు ఆంప్యూల్‌లో చాలా చవక. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. ఆసుపత్రుల్లో ఎప్పుడూ ఉంచుకుంటారు.

ఇబ్బంది మోతాదు దగ్గర వస్తుంది. కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము లెక్క. మా బాబు 22 కిలోలు కాబట్టి 0.22 మిల్లీగ్రాము, అంటే సిరంజిలో 0.22 మిల్లీలీటరు. నాలుగైదు చుక్కల మందు కోసం ఆంప్యూల్ మెడ విరిచి, సూదితో లాగి, సన్నటి గీతల మధ్య లెక్క చూడాలి. ముప్పైమంది పిల్లలు అరుస్తూ ఉండగా, చేయి వణుకుతున్న టీచర్‌ని ఆ పని చేయమని నేను అడగను. పదింతలు ఎక్కువ లాగే ప్రమాదం ఉంది. పెన్‌లో ఆ లెక్క ఉండదు. మావాడిది 0.15 మిల్లీగ్రాముల పిల్లల పెన్. 25 కిలోలు దాటాక 0.3కి మార్చాలని మా డాక్టర్ చెప్పారు.

మరి పెన్ లేకపోతే? మా చెల్లెలు వాళ్ళది చిన్న పట్టణం. వాళ్ళ పాప కోసం ఏర్పాటు ఇలా చేసుకుంది. బడికి ఐదు నిమిషాల దూరంలో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడి డాక్టర్‌ని ముందే కలిసి, పాప ఫైలు చూపించి, బరువుకి తగ్గ మోతాదు రాయించి, ఆ కాగితం అక్కడే ఉంచింది. బడినుంచి ఎవరి బండి మీద, ఎవరు ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాలో ఉత్తరంలో రాసింది. ఇద్దరి పేర్లు, ఇద్దరి ఫోన్ నంబర్లు. ఒకరు రాని రోజు రెండోవారు. కొందరు డాక్టర్లు సరైన మోతాదు సిరంజిలో ముందే నింపి, గడువు తేదీ రాసి ఇస్తారు. అది వెలుతురు తగలని డబ్బాలో ఉండాలి, వాళ్ళు చెప్పిన తేదీకి తప్పకుండా మార్చాలి. మీ డాక్టర్ ఒప్పుకుంటేనే ఆ దారి. మీకు మీరుగా నింపి పంపకండి.

పెన్ ఎక్కడ ఉండాలి?

తాళం వేసిన బీరువాలో మాత్రం ఉండకూడదు. మొదటి ఏడాది ఆఫీసు బీరువాలో భద్రంగా దాచారు. తాళంచెవి ప్రిన్సిపల్ గారి దగ్గర, ఆవిడ ఆ రోజు మీటింగ్‌కి వెళ్ళారు. ఏమీ జరగలేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఎర్ర సంచి తరగతి గదిలో టీచర్ కుర్చీ వెనక మేకుకి వేలాడుతుంది. పిల్లలు గ్రౌండ్‌కి వెళ్తే పీఈటీ సార్ మెడలో, విహారయాత్రకి వెళ్తే టీచర్ భుజానికి.

మన ఎండలకి ఇంకో జాగ్రత్త కావాలి. ఈ మందు 20నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలో నిలిపిన స్కూల్ వ్యాన్‌లో అసలే వదలకూడదు. వేసవిలో నేను టిఫిన్ డబ్బా పెట్టే ఇన్సులేటెడ్ సంచిలో, ఐస్ ప్యాక్ లేకుండా పెడతాను. ప్రతి నెలా మొదటి సోమవారం, పెన్‌కి ఒక వైపు ఉండే చిన్న కిటికీలోంచి లోపలి మందు చూస్తాను. మందు నీళ్ళలా తేటగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగినా, నలకలు తేలినా మార్చేయాలి. గడువు తేదీ ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందే మోగేలా పెట్టుకున్నాను.

పక్క పిల్లాడి డబ్బాలో పల్లీ చట్నీ ఉంటే? వాసనకే వస్తుందా?

భయం సహజమే కానీ, పల్లీల వాసన తగిలినంత మాత్రాన ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. తీవ్రమైన అలర్జీ ఉన్న 30 మంది పిల్లల దగ్గర పీనట్ బటర్ ఉంచి, వాసన చూపించి, చర్మానికి రాసి అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2003లో వచ్చింది. కొందరికి రాసిన చోట ఎర్రబడింది, దురద పెట్టింది, అంతే. ప్రమాదం నోట్లోకి వెళ్ళినప్పుడు. చిన్నపిల్లల చేతులు ఎప్పుడూ నోటి దగ్గరే ఉంటాయి కాబట్టి చట్నీ అంటిన బల్ల, చట్నీ అంటిన పెన్సిల్ పట్టించుకోవాల్సినవి.

అందుకని తరగతిలో ఎవరూ పల్లీలు తేకూడదని నేను అడగలేదు. తెలుగువాళ్ళ పిల్లలు ముప్పైమంది డబ్బాల్లో పల్లీలు లేకుండా చేయడం జరిగే పని కాదు. జరిగిందనుకుని టీచర్ ఏమరుపాటుగా ఉంటే ఇంకా ప్రమాదం. నేను అడిగింది రెండే. తిన్నాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఒకరి డబ్బాలోది ఇంకొకరు తినకూడదు. సబ్బు అని ప్రత్యేకంగా రాయండి. ఉత్త నీళ్ళతో కడిగినా, శానిటైజర్ రుద్దినా పల్లీల ప్రొటీన్ చేతుల మీద మిగిలే ఉంటుంది. సబ్బుకీ, తడి వైప్స్‌కీ పోతుంది.

వాడిని వేరే బల్ల మీద ఒంటరిగా కూర్చోబెడతామని ఒక టీచర్ అన్నారు. వద్దని బతిమాలాను. ఒంటరిగా కూర్చున్న పిల్లాడికి గొంతు మూసుకుపోతే ఎవరికి కనబడుతుంది? ఆ పూట చట్నీ తెచ్చుకోని స్నేహితుడి పక్కన, టీచర్ కంటికి ఎదురుగా కూర్చుంటే చాలు.

పల్లీ నూనె సంగతేంటి?

బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనెలో ఉంటుంది. ఇప్పుడు వీధికో చెక్క గానుగ వచ్చింది, ఆరోగ్యమని చాలా ఇళ్ళలో అదే వాడుతున్నారు. ఎదుటివారింట్లో ఏ నూనె వాడారో పిల్లాడికి తెలియదు, టీచర్‌కీ తెలియదు. అందుకే మా ఉత్తరంలో నూనె గురించి వేరుగా రాయకుండా, ఇంటి డబ్బా తప్ప ఇంకేదీ వద్దని ఒక్క ముక్కలో తేల్చేశాను.

పుట్టినరోజులు, పండగలు ఎలా?

మళ్ళీ ఇలాంటిది జరిగితే ఆ రోజుల్లోనే జరుగుతుందని నా భయం. వినాయక చవితికి పులిహోర, సంక్రాంతికి నువ్వుల ఉండలు, సద్దుల బతుకమ్మకి పల్లీల సద్ది, ఆగస్టు 15న చాక్లెట్లు. ప్రసాదం అయితే "కొంచెం కళ్ళకద్దుకుని తిను నాన్నా" అని పెద్దవాళ్ళు ప్రేమగా నోట్లో పెట్టేస్తారు. దానికి మా టీచర్ గారే ఒక మార్గం చెప్పారు. వాడి పేరు రాసిన డబ్బా ఒకటి క్లాసులో ఉంటుంది. అందులో నేను ఇచ్చిన చాక్లెట్లు ఉంటాయి. ఎవరి పుట్టినరోజైనా అందరితోపాటే వాడికీ చేతిలో ఒకటి పడుతుంది.

ప్యాకెట్ తినుబండారాల మీద వేరుశనగ ఉంటే తప్పకుండా రాయాలన్న నిబంధన మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నియమాల్లో ఉంది. మిఠాయి దుకాణంలో విడిగా తూచి ఇచ్చేవాటి మీద చదువుకోవడానికి ఏమీ ఉండదు, కాబట్టి అవి అసలు వద్దు. పుట్నాల చట్నీ అని చెప్పిన చట్నీలోనూ చాలా హోటళ్ళలో గుప్పెడు పల్లీలు వేస్తారు.

ఇంజెక్షన్‌తో తగ్గిపోయింది. ఇంటికి తీసుకెళ్ళొచ్చా?

వద్దు. మందు ప్రభావం దిగాక కొందరికి కొన్ని గంటల తర్వాత, మళ్ళీ ఏమీ తినకుండానే రెండోసారి రియాక్షన్ వస్తుంది. ఆసుపత్రిలో కనీసం నాలుగునుంచి ఆరు గంటలు, తీవ్రంగా వస్తే ఇంకా ఎక్కువసేపు కనిపెట్టి ఉంచుతారు. ప్లేస్కూల్లో అది జరిగిన రాత్రి నేను వాడి పక్కనే పడుకున్నాను.

పెద్దయితే పోతుందా?

పల్లీల అలర్జీ ఉన్న పిల్లల్లో ఐదుగురిలో ఒకరికి పోతుందని చెబుతారు. పోయిందో లేదో తేల్చాల్సింది అలర్జీ డాక్టర్, ఆసుపత్రిలో. "కొంచెం కొంచెం పెట్టి అలవాటు చేయండి" అని చుట్టాలు చెప్పే సలహా ఇంట్లో పాటించవద్దు.

పిల్లాడికి మీరు ఏం నేర్పారు?

గుర్తు కనబడితే దాక్కోవద్దని. వాంతి వస్తే సిగ్గుపడి బాత్రూంకి పరిగెత్తే వయసు వాడిది, అక్కడ ఒక్కడే పడిపోతే ఎవరూ చూడరు. అందుకని ఒక వాక్యం బట్టీ పట్టించాను: "టీచర్, నాకు పల్లీల రియాక్షన్, ఎర్ర సంచి." ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ఒకసారి చెప్పిస్తాను.

ఈ జూన్‌లో టీచర్ గారికి పెన్ చూపించడానికి వెళ్ళినప్పుడు గడువు దాటిన పాత పెన్ ఒకటి, ఒక బత్తాయి పండు పట్టుకెళ్ళాను. ట్రైనర్ పెన్‌లో సూది ఉండదు కాబట్టి అసలు దాని బలం ఎంతో తెలియదు. టీచర్ గారు బత్తాయిని బల్ల మీద పెట్టి పెన్ నొక్కారు. టక్కుమంది. ఆయా భుజాలు ఎగరేసింది. మావాడు పక్కనే నిలబడి "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టాడు.